గారెల ఫొటోకి నా జోకు బెడిసింది: ఆమెకి నచ్చేది ఏ రకం జోకు?

రాయగడ కుర్రాడు: ఆఫీసులో పరిచయమైన అమ్మాయి. నెలరోజులుగా మెసేజ్‌లు నడుస్తున్నాయి. తను చేసిన గారెల ఫొటో పెడితే, నా అలవాటు ప్రకారం సీరియస్‌గా "తినదగినవిగానే ఉన్నట్టున్నాయి" అన్నాను. "సరే" అని ఊరుకుంది. మర్నాడు నెత్తిన స్టీలు గిన్నె బోర్లించుకుని సెల్ఫీ పంపితే మూడు నవ్వు బొమ్మలు వచ్చాయి. ఇక కోతి వేషాలే వేయాలా?

గుణుపూరు బస్సు: వేయాలి గురూ. మొహం బిగించుకుని వేసే జోకులు తెలివి చూపించుకోడానికే. గిన్నె చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది.

బరంపురం అక్క: ఎవరికైనా వస్తుంది కాబట్టే దాంతో ఆమె గురించి ఏమీ తెలీదు. నవ్వు బొమ్మ మర్యాదకీ పెడతారు. దానికి ఆమె ఏం కలిపిందో చూడాలి. "ఆ గిన్నెలో మళ్లీ పప్పు వండకండి" అనుంటే ఆటలోకి వచ్చినట్టే.

గారెల దగ్గర నీ జోకు రకం కాదు తమ్ముడూ, గురి తప్పింది. పప్పు నానబెట్టి, రుబ్బి, వేయించి చూపిస్తే జోకు వెళ్లి ఆమె చేతి వంట మీద పడింది. పైగా నువ్వు నవ్వాపుకుంటున్న మొహం ఫోన్లో కనపడదు. 2005లో జస్టిన్ క్రూగర్ అనే మనస్తత్వ పరిశోధకుడి బృందం దీన్నే పరీక్షించింది. తమ ఈమెయిల్‌లో వెటకారం ఉందో లేదో అవతలివాళ్లు నూటికి 78 సార్లు పట్టేస్తారని పంపినవాళ్లు అనుకున్నారు. చదివినవాళ్లు పట్టింది 56 సార్లు. బొమ్మాబొరుసూ వేసినా 50 వస్తాయి కదా! అదే గొంతు విన్నవాళ్లు 73 దాకా పట్టారు.

అందుకని టీ దగ్గర ఎదురుగా, నీ మీదే వేసుకుని చూడు. "నిన్న నేనూ వంట చేశాను. కుక్కర్ మూత ఊడి వచ్చింది, అంతవరకు విజయమే" అను. "పక్కింటివాళ్లు క్షేమమేనా?" అని ఆమె కూడా నవ్వకుండా అడిగితే ఆమెకీ నీ పిచ్చే ఉన్నట్టు. "అయ్యో, చెయ్యి కాలిందా?" అని జాలిపడితే మామూలు మాటల్లోకి వచ్చెయ్. జోకు మాత్రం వివరించకు. ఒక్కసారితో తేల్చకు కూడా, ఆ రోజు ఆమెకి తలనొప్పి ఉండొచ్చు.

పర్లాకిమిడి కోడలు: మా ఆయన ఒడియా, తెలుగు బాగానే వచ్చు. పెళ్లికి ముందు ఆయన పాట విని "పర్లేదులే" అన్నాను. మా పుట్టింట్లో అది పెద్ద మెప్పు. పాపం, రెండు రోజులు నోరు విప్పలేదు. ఇప్పటికీ పాడుతూ నా మొహం చూస్తారు. ఆ అమ్మాయి ఇంట్లో ఏ భాష?

రాయగడ కుర్రాడు: ఒడియానే. ఇది ఆలోచించలేదు.

గుణుపూరు బస్సు: అందుకే గిన్నె అన్నాను. దానికి భాష అక్కర్లేదు.

బరంపురం అక్క: అదొక్కటీ ఒప్పుకుంటా. కానీ ఎన్నాళ్లని గిన్నె మోస్తాడు?

రాయగడ కుర్రాడు: ఇవాళ టీ దగ్గర కుక్కర్ జోకు వేశాను. నవ్వలేదు. నా వైపు కాసేపు చూసి, "ఎన్ని లీటర్ల కుక్కరు?" అంది. ఇది ఏ రకం అక్కా?