12% డివిడెండ్ అని చెప్పి 9.2% ఇస్తే అది మోసమా, లెక్కా?

కోరమంగళ_కోడలు: మాది బెంగళూరులో ఉద్యోగుల పరపతి సొసైటీ. ఆంధ్రలోనూ సభ్యులున్నారు కాబట్టి మల్టీ స్టేట్ రిజిస్ట్రేషన్. ఈసారి 12% డివిడెండ్ అని సర్వసభ్య సమావేశంలో పాస్ చేశారు. మార్చి 31 నాటికి నా షేరు 60,000. ఖాతాలో పడింది 5,520. లెక్క ప్రకారం 7,200 రావాలి కదా? మిగతా 1,680 ఎవరు తిన్నట్టు?

బీటీఎం_బాబాయ్: ఇంకెవరు తింటారమ్మా, కమిటీయే. డివిడెండ్ అంటే మార్చి 31 బ్యాలెన్సు మీద శాతం, అంతే. కంపెనీ షేర్లకు రికార్డు తేదీ ఉన్నట్టే. వదలకు, రిజిస్ట్రారుకు ఫిర్యాదు పెట్టెయ్.

పాత_పద్దులు: ఆగండి బాబాయ్ గారూ. అమ్మా, ఆ 60,000 ఏడాది పొడుగునా ఉందా? మధ్యలో ఏమైనా లోను తీసుకున్నారా?

కోరమంగళ_కోడలు: ఏప్రిల్ 1న 36,000 ఉందండీ. అక్టోబరు 14న లోను ఇచ్చినప్పుడు అందులోంచి 24,000 షేరు కింద పట్టుకున్నారు.

పాత_పద్దులు: అయితే మీ 1,680 ఎక్కడికీ పోలేదు. పరపతి సొసైటీల్లో చాలాచోట్ల ప్రొడక్టు లెక్క వేస్తారు. అంటే ఎంత డబ్బు, ఎన్ని నెలలు ఉందో చూస్తారు. 36,000 పన్నెండు నెలలు ఉంది, అది 4,32,000. లోనులో పట్టుకున్న 24,000కు అక్టోబరును వదిలేసి నవంబరు నుంచి అయిదు నెలలు లెక్కేశారు, అది 1,20,000. రెండూ కలిపి పన్నెండుతో భాగిస్తే 46,000. దాని మీద 12% అంటే సరిగ్గా 5,520. మీ ఖాతాలో పడిందీ అదే. మీ ఒక్కరి లెక్క ఇలా కలిసింది కాబట్టి సొసైటీ మొత్తం లెక్క కలిసినట్టు కాదు. వార్షిక నివేదికలో లాభాల కేటాయింపు పేజీ ఉంటుంది, అది పెట్టండి.

వేళచ్చేరి_వాణి: మా చెన్నై సొసైటీలో ఈ గొడవే లేదండీ. నెలనెలా జీతంలో కట్ అయిన దానికి 7% వడ్డీ ఠంచనుగా వేస్తారు. లాభం వచ్చినా రాకపోయినా ఇస్తారు. మీరూ అలా అడగొచ్చు కదా?

పాత_పద్దులు: వాణి గారూ, మీరు చెప్పేది పొదుపు డిపాజిట్ అనుకుంటా. పాస్‌బుక్‌లో షేరూ, డిపాజిట్టూ పక్కపక్క గడుల్లో ఉండటంతో ఒకటే అనిపిస్తుంది. డిపాజిట్ మీద వడ్డీ సొసైటీకి ఖర్చు, లాభం తేలకముందే రాసేస్తారు. షేరు మీద ఇచ్చేది, దాన్ని వడ్డీ అని పిలిచినా సరే, నికర లాభంలోంచే రావాలి. లాభం లేని ఏడాది షేరు మీద ‘వడ్డీ’ పడిందంటే మాత్రం ఏదో నిధిలో చెయ్యి పెట్టారని అనుమానించాలి.

కోరమంగళ_కోడలు: నివేదిక దొరికింది. నికర లాభం 40,00,000. రిజర్వు నిధి 10,00,000, అనుకోని నష్టాల నిధి 4,00,000, సహకార విద్యా నిధి 40,000, పునరావాస నిధి 40,000, డివిడెండ్ 24,60,000, వచ్చే ఏటికి మిగులు 60,000. షేరు మూలధనం నిరుడు 1.80 కోట్లు, ఇప్పుడు 2.40 కోట్లు.

పాత_పద్దులు: కోతలు చట్టం ప్రకారమే ఉన్నాయి. 2002 మల్టీ స్టేట్ చట్టంలో రిజర్వుకు కనీసం 25%, అనుకోని నష్టాలకు కనీసం 10%, విద్యా నిధికి 1%. 2023 సవరణతో పునరావాస నిధి వచ్చింది. వరసగా మూడేళ్లు లాభాల్లో ఉన్న సొసైటీ 1% లేదా కోటి రూపాయల్లో ఏది తక్కువైతే అది కట్టాలి. కర్ణాటక 1959 చట్టం కిందో, తమిళనాడు 1983 చట్టం కిందో నమోదైన సొసైటీలకు ఈ కోతలు వేరేగా ఉంటాయి, కాబట్టి చదివేవాళ్లు ఇవే అంకెలు మీ సొసైటీకి పెట్టుకోకండి.

ఇక పంచడానికి మిగిలింది 25,20,000. ఇప్పుడు బాబాయ్ గారి పద్ధతి చూద్దాం. మార్చి 31 నాటి 2.40 కోట్ల మీద 12% అంటే 28,80,000. లేని 3,60,000 ఎక్కడినుంచి తెస్తారు? రిజర్వు ముట్టుకోవడానికి వీల్లేదు. అంటే ఆ పద్ధతిలో 12% అని ప్రకటించడమే కుదరదు.

బీటీఎం_బాబాయ్: సరే, కుదరదు. మరి ఉన్నదాన్ని 2.40 కోట్ల మీద పంచి నిజాయితీగా 10.5% అని చెప్పొచ్చుగా? ఈ అమ్మాయికి 6,300 వచ్చేది. 12% అని ఊరించడం దేనికి?

పాత_పద్దులు: చెప్పొచ్చు. కానీ ఏడాదంతా 60,000 ఉంచిన పాత సభ్యుడికి అప్పుడు 7,200 బదులు 6,300 వస్తుంది. మార్చి 30న షేరు కొన్నవాడికీ అంతే వస్తుంది. ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి పోతోందో చూడండి. కాకపోతే తీర్మానంలో ‘నెలల ప్రొడక్టు మీద 12%’ అని రాయకపోవడం కమిటీ తప్పే.

వైట్‌ఫీల్డ్_వాదన: నాకు అసలు గొడవ ఇక్కడే ఉంది సార్. ఆ 24,000 లోను మొత్తంలో భాగం. దాని మీద అక్టోబరు 14 నుంచే రోజువారీ వడ్డీ పట్టుకుంటారు. డివిడెండ్‌కు మాత్రం నవంబరు నుంచి అంటారు. ఒకే రూపాయికి రెండు క్యాలెండర్లా? రోజుల లెక్కన 169 రోజులకు ఆమెకు 5,653 రావాలి. 133 తక్కువ వచ్చింది.

డబ్బు లేదనడానికీ లేదు. ఏడాదిలో పెరిగిన షేరు 60 లక్షలు. సగటున ఒక్కొక్కరికి అర నెల పోయిందనుకుంటే, దాని మీద 12% దాదాపు 30,000. మిగులు 60,000 కళ్లెదురుగా ఉంది.

పాత_పద్దులు: బాగా పట్టుకున్నారు. అది ఉజ్జాయింపే. 60 లక్షలన్నది ఏడాది మధ్యలో వెళ్లిపోయినవాళ్ల షేరు పోగా తేలిన పెరుగుదల, కాబట్టి కొత్తగా వచ్చిన షేరు అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. అయినా మీ ప్రశ్న న్యాయమైనదే. జవాబు బైలాలోనే దొరకాలి.

ఇంకొక పరీక్ష. 24,60,000ను 12%తో వెనక్కి లెక్కేస్తే సగటు షేరు 2.05 కోట్లు వస్తుంది. మొదలూ చివరా కలిపి సగం చేస్తే 2.10 కోట్లు. పూర్తి నెలలే లెక్కేశారు కాబట్టి కొంచెం తక్కువ రావడం సహజం. అదే 2.30 అని వచ్చుంటే నేను ఆగేవాణ్ణి, పేర్లున్నా షేరు లేని ఖాతాలకు డివిడెండ్ వేశారేమోనని. కానీ నమ్మదగినట్టుండటం వేరు, రుజువు వేరు. సభ్యులవారీ డివిడెండ్ జాబితా మొత్తం 24,60,000కు సరిపోవాలి. దానితో పాటు ఆ జాబితాలోని మార్చి 31 షేర్ల మొత్తం, మధ్యలో మానేసినవాళ్లను వదిలేస్తే, 2.40 కోట్లకు కలవాలి. రెండోది చాలామంది చూడరు.

ఆస్తుల వైపు ‘రావలసిన వడ్డీ’ కూడా చూడండి. వసూలు కాని బకాయిల వడ్డీని ఆదాయంగా వేసుకుని, దానికి ఎదురు నిధి పెట్టకపోతే ఆ 40 లక్షల లాభమే గాలి మూట.

కోరమంగళ_కోడలు: రావలసిన వడ్డీ 3 లక్షలుంది, అప్పుల వైపు అంతే మొత్తానికి నిధి కూడా పెట్టారు. బైలా ఇప్పుడే చదివాను సార్. ‘చెల్లించిన షేరుకు, అది ఉన్న కాలానికి తగినట్టు’ అని ఉంది. పూర్తి నెలలు అన్న మాటే లేదు. క్లర్కును అడిగితే కమిటీ సర్క్యులర్ అంటున్నారు, కాపీ మాత్రం చూపించలేదు.

వైట్‌ఫీల్డ్_వాదన: చూశారా! బైలా కంటే సర్క్యులర్ పెద్దదా?

పాత_పద్దులు: పెద్దది కాదు. అయితే ‘కాలం’ అంటే రోజులా నెలలా అన్నది బైలా చెప్పనప్పుడు, కమిటీ తీర్మానంతో ఒక పద్ధతి పెట్టుకోవచ్చని వాదించేవాళ్లూ ఉన్నారు. నా మటుకు నాకు, తీర్మానం తేదీ ఆ ఏడాది మొదలవకముందుదై ఉండాలి. ముందు ఆ తీర్మానం కాపీకి రాతపూర్వకంగా అడగండి.

బీటీఎం_బాబాయ్: 133 రూపాయల కోసం ఇంత టెన్షనా?

కోరమంగళ_కోడలు: నా ఒక్కదానికే 133 బాబాయ్. నిరుడు లోను తీసుకున్న వాళ్లందరికీ ఇదే కోత. సోమవారం ఉత్తరం ఇస్తున్నా, నాతోపాటు మా సెక్షన్‌లో ఇంకో ముగ్గురు సంతకం పెడతామన్నారు.