అప్‌డేట్: ప్రాసెసింగ్ దగ్గరే ఆగిన వీడియో సంగతి తేలింది

నా ప్రశ్న: "నలభై నిమిషాల 4కె వీడియో అప్‌లోడ్ పూర్తయి రాత్రంతా గడిచినా ప్రాసెసింగ్ 0% దగ్గరే ఉంది. ఇంకా ఎంతసేపు ఆగాలి?"

లోపం నేను పంపిన ఫైలులోనే ఉంది. మా అక్క కూతురి అరంగేట్రం వీడియోను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఇంకా ఎగుమతి చేస్తూ ఉండగానే, ఫోల్డరులో ఫైలు పేరు కనబడిందని తొందరపడి అప్‌లోడ్ చేశాను. ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక ఎంపీ4 ఫైలులో సాధారణంగా చివర రాయబడుతుంది కనుక, నేను పంపిన అసంపూర్ణ ప్రతిలో అది లేనే లేదు. అదే ప్రతిని తిరిగి దించుకొని, వీడియో ఫైళ్లను పరిశీలించే ffprobe అనే ఉపకరణంతో పరీక్షించాను.

```
ffprobe arangetram.mp4
moov atom not found
```

moov atom అంటే ఆ సూచికే. అది దొరకలేదనే ఈ మాట కనబడితే ఎన్ని గంటలు వేచి ఉన్నా ఫలితం ఉండదు. కంప్యూటరులోని ప్లేయరులో కూడా అది తెరుచుకోలేదు. ముందే ఒకసారి ఆడించి చూసుకుని ఉంటే ఒక రాత్రి మిగిలేది.

ఎగుమతి పూర్తయ్యాక కొత్తగా అప్‌లోడ్ చేయగా, ఇరవై నిమిషాలలో 360p, దాదాపు గంటకు 1080p, మూడున్నర గంటలకు 4కె వచ్చాయి. సర్వరు ఒకే వీడియోను ఒక్కొక్క నాణ్యతకు విడిగా మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది కాబట్టి ముందు మసకగా కనబడటం సహజమే. సెకనుకు 60 ఫ్రేములైతే ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. తక్కువ నాణ్యత వెర్షను వచ్చిందంటే ఫైలు చదవగలిగినట్లే, కనుక అప్పుడు వేచి ఉండవచ్చు. నాలాగా గంటల తరబడి 0% దాటకపోతే మాత్రం ముందుగా ఫైలును పరీక్షించండి.