పాత కారు అమ్మేశాను, ఎన్‌సీబీ లెటర్ ఇవ్వడం లేదు. ఏం చేయాలి?

నాలుగేళ్లుగా ఒక్క క్లెయిమ్ కూడా లేని నా పాత కారును గత నెల విజయవాడలో అమ్మేశాను. రెన్యువల్ నోటీసులో నో క్లెయిమ్ బోనస్ 45 శాతం అని స్పష్టంగా ఉంది. ఈ బోనస్ బండిది కాదు, ఓనర్‌ది కాబట్టి కొత్త కారుకు వాడుకోవచ్చు. కొత్త కారు ఇన్సూరెన్స్ వేరే కంపెనీలో తీసుకుంటున్నాను. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 18,000 అన్నారు. థర్డ్ పార్టీ భాగం మీద ఎలాగూ తగ్గింపు ఉండదు. అయినా 8,100 అంటే చిన్న మొత్తమేం కాదు కదా! దానికి పాత కంపెనీ నుంచి ఎన్‌సీబీ రిజర్వింగ్ లెటర్ తెమ్మంటున్నారు.

పాత కంపెనీవాళ్లేమో కొన్నవారి పేరు మీదకు మారిన ఆర్‌సీ కాపీ ఇస్తేనే లెటర్ ఇస్తామంటున్నారు. ఆర్‌టీఏలో ట్రాన్స్‌ఫర్ ఇంకా పెండింగ్‌లోనే ఉంది. సంతకాలైన ఫారం 29, 30 కాపీలు, డెలివరీ నోట్ నా దగ్గర ఉన్నాయి. వాటిని మెయిల్ చేస్తే "పరిశీలనలో ఉంది" అనే జవాబే వస్తోంది. కొత్త కారు డెలివరీ వచ్చే వారమే, అదే టెన్షన్.

ఈ కాగితాలతోనే లెటర్ తెచ్చుకున్నవారు ఎవరైనా ఉన్నారా? లెటర్ బదులు డిక్లరేషన్ రాసిస్తే కొత్త కంపెనీ ఒప్పుకుని, తర్వాత పాత కంపెనీని తానే అడిగి నిర్ధారించుకుంటుందా? లేక ఇప్పుడు పూర్తి ప్రీమియం కట్టేసి, లెటర్ వచ్చాక తేడా డబ్బు వెనక్కి తీసుకోవచ్చా? డీలర్ మాత్రం "కట్టేయండి సార్, చూద్దాం" అంటున్నాడు. ఆ చూద్దాం మీద నాకు నమ్మకం లేదు.