సాంకేతిక రౌండుకు ముందు మెయిల్ పెట్టి వివరాలు అడగవచ్చా?

సింధు_తెనాలి
వచ్చే వారం గురువారం డేటా అనలిస్ట్ ఉద్యోగానికి నాకు సాంకేతిక రౌండు ఉంది. పిలుపులో "గంట సేపు, SQL" అని తప్ప మరో ముక్క లేదు. ఏ డేటాబేస్, ఎక్కడ రాయాలి, ఏ అంశాలు చదవాలి అని హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడదామనుకుంటున్నాను. అలా అడిగితే చేతకాని దానివని ముందే ముద్ర పడుతుందని మా మామయ్య అంటున్నారు. అడగవచ్చా?

పాతకాపు_శ్రీను
అడగకండి. మీ మామయ్య లోకం చూసిన మనిషి. నేను 2019లో ఇలాగే మర్యాదగా మెయిల్ పెట్టాను. "ఉద్యోగ ప్రకటన చూసుకోండి" అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. ఇంటర్వ్యూలో కూర్చోగానే ఎదుటి ఆయన నవ్వుతూ "సిలబస్ అడిగింది మీరేనా?" అన్నారు. ఆ గంటంతా ఆ నవ్వే గుర్తుంది నాకు. ఉద్యోగం రాలేదు. మెయిల్ అంటే రాతపూర్వక సాక్ష్యం, అది చెరిగిపోదు.

చిట్టిబాబు
మామయ్య గారినే ఇంటర్వ్యూకు పంపండి.

మాధవి_హైదరాబాద్
శ్రీను గారూ, ఆ మెయిల్‌లో మీరు ఏమని రాశారో చెప్పలేదు. అది తెలియకుండా తప్పు మెయిల్‌దో, అందులోని మాటలదో తేల్చలేం.

సింధూ, అడగమ్మా. ఎనిమిదేళ్లుగా ఇలాంటి రౌండ్లలో ప్రశ్నలు అడిగే కుర్చీలో కూర్చుంటున్నాను. డేటాబేస్ పేరు ముందే తెలియకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఆర్డర్ వచ్చిన తేదీకి, సరుకు చేరిన తేదీకి మధ్య ఎన్ని రోజులు అన్నది మామూలు ప్రశ్న. ఒక అమ్మాయి ఇలా రాసింది:

```sql
SELECT DATE '2024-04-03' - DATE '2024-03-28';
```

PostgreSQL‌లో దీనికి 6 వస్తుంది, అదే సరైన జవాబు. మా ఎడిటర్‌లో ఉన్నది MySQL. అక్కడ 75 వచ్చింది. MySQL తేదీలను 20240403, 20240328 అనే అంకెలుగా మార్చి తీసివేస్తుంది. ఎర్రర్ కూడా చూపించదు. రెండు తేదీలూ ఒకే నెలలో ఉంటే జవాబు సరిగ్గానే వస్తుంది కాబట్టి అనుమానం కూడా రాదు. ఆ అమ్మాయి మొదట మార్చి తేదీలతో సరిచూసుకుని ధీమాగా ముందుకు వెళ్లింది. తరువాత 75 చూసి, తన లెక్కే తప్పనుకుని, బాగున్న జాయిన్‌ను కెలికి పాడుచేసుకుంది. MySQL అయితే `DATEDIFF('2024-04-03', '2024-03-28')` అని రాయాలి. SQL Server అయితే `DATEDIFF(day, '2024-03-28', '2024-04-03')`. గమనించు, అక్కడ తేదీల వరుస తిరగబడుతుంది.

ఇది ఆ అమ్మాయికి రాక కాదు. ఇంట్లో PostgreSQL మీద సాధన చేసింది, అంతే. ఒక్క మాట ముందే అడిగి ఉంటే ఒక సాయంత్రంలో సర్దుకునేది.

కిరణ్_వైజాగ్
అడగడం సరైనదే కానీ హెచ్‌ఆర్‌ను కాదు. వాళ్లకు SQL అంటే ఏమిటో తెలియదు. లింక్డ్‌ఇన్‌లో ఇంటర్వ్యూ చేసే మనిషిని వెతికి సూటిగా ఆయనకే రాయండి. నాకు అలా రెండుసార్లు జవాబు వచ్చింది.

మాధవి_హైదరాబాద్
కిరణ్, మొదటి సగం నిజం, రెండో సగం ప్రమాదం. హెచ్‌ఆర్‌కు తెలియకపోవచ్చు, కానీ తెలిసినవాళ్లకు పంపి జవాబు తెప్పించడం వాళ్ల పనే. నాకు ఎవరైనా నేరుగా రాస్తే నేను జవాబివ్వను. ఒకరికి చెప్పి మిగిలినవాళ్లకు చెప్పకపోతే ఆ రౌండుకు విలువ ఉండదు. పిలుపు వచ్చిన మెయిల్‌కే బదులుగా రాయాలి. అప్పుడు ఏ ఉద్యోగం, ఏ రోజు అన్నది మళ్లీ వెతకనక్కర్లేదు. అదీ కనీసం మూడు పనిదినాల ముందు. ముందు రోజు సాయంత్రం పెడితే అది మరునాడు మధ్యాహ్నం దాకా ఎవరి పెట్టెలోనో పడి ఉంటుంది.

ప్లేస్‌మెంట్_బాధితుడు
మా కాలేజీలో నాలుగు వందల మంది ఒకేసారి రాశాం. ఎవరిని అడుగుతాం? ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ను అడిగితే "అంతా వస్తుంది, అంతా చదవండి" అన్నారు. కోడింగ్ అని చెప్పి ఆప్టిట్యూడ్ పెట్టారు. ఇదేనా న్యాయం?

చిట్టిబాబు
ఇది క్యాంపస్ సంగతి కాదు బాబూ.

సింధు_తెనాలి
మాధవి గారూ, ధన్యవాదాలు. ఇంగ్లీషులో ముసాయిదా రాశాను. దాని తెలుగు ఇది:

"నమస్కారం. గురువారం జరిగే సాంకేతిక రౌండుకు వస్తానని తెలియజేస్తున్నాను. నేను ఎక్కువగా PostgreSQL వాడాను, MySQL‌లో అంత పట్టు లేదు, అందుకే కొంచెం భయంగా ఉంది. ఏ డేటాబేస్ వాడతారో, రాసిన కోడ్ నడుస్తుందో లేదో, ఎలాంటి ప్రశ్నలు వస్తాయో, విండో ఫంక్షన్లు వస్తాయో రావో, పైథాన్ కూడా ఉంటుందో లేదో, ఎంతమంది ఉంటారో, ఎన్ని రౌండ్లో దయచేసి తెలియజేయగలరు."

పాతకాపు_శ్రీను
చూశారా! "భయంగా ఉంది" అని స్వయంగా రాసిచ్చింది. నేను చెప్పింది ఇదే.

మాధవి_హైదరాబాద్
ఆ వాక్యం తీసేస్తే సరిపోతుంది శ్రీను గారూ, మెయిలే మానేయనక్కర్లేదు. అడిగినదానికి కారణం చెప్పుకోవాల్సిన పని లేదు.

సింధూ, ఏడు ప్రశ్నలు ఉన్నాయి, మూడు ఉంచు. ఏ డేటాబేస్, ఏ వెర్షన్. రాసిన క్వెరీ అక్కడే నడుస్తుందా, లేక ఖాళీ పత్రంలో రాసి వివరించాలా. రాసేటప్పుడు డాక్యుమెంటేషన్ తెరవవచ్చా. ఈ మూడోది చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కొన్ని పరీక్షల్లో ట్యాబ్ మారిస్తే నమోదవుతుంది. ఫంక్షన్ పేరు చూసుకుందామని వెళ్లినవాళ్లు కాపీ కొట్టినట్టు లెక్కలో పడతారు. వెర్షన్ ఎందుకంటే, విండో ఫంక్షన్లు MySQL‌లో 8.0 నుంచే ఉన్నాయి. 5.7 అయితే `ROW_NUMBER()` రాసినా నడవదు. కాబట్టి ఆ జవాబుతోనే నీ విండో ఫంక్షన్ల ప్రశ్నకు సగం సమాధానం దొరుకుతుంది.

"ఎలాంటి ప్రశ్నలు" అని మాత్రం వద్దు. "ప్రత్యేకంగా దృష్టి పెట్టవలసిన అంశాలు ఉంటే తెలియజేయగలరు" అని చివర ఒక్క వాక్యం చాలు. చెబితే చెబుతారు, లేకపోతే లేదు. అన్నీ కలిపి ఆరు వరుసలు దాటకూడదు.

వ్యాకరణ_మిత్ర
"రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టాలా, పేరుతోనా? ఎవరూ ఆ సంగతి మాట్లాడరేమిటి?

చిట్టిబాబు
పిలుపు మెయిల్ కింద ఏ పేరు ఉంటే ఆ పేరు. అక్కడితో వదిలేయండి.

రాఘవ_12ఏళ్లు
నేనూ ఇంటర్వ్యూలు చేస్తాను, మాధవి గారితో అసలు ఏకీభవించను. ముందే అన్నీ చెప్పేస్తే మనిషిలో ఉన్న సరుకు ఎలా తెలుస్తుంది? నాకు కావలసింది తెలియని డేటాబేస్ ముందు కూర్చోబెడితే ఎలా తడుముకుంటారో చూడటం. రేపు ఉద్యోగంలో క్లయింటు ముందే చెబుతాడా?

మాధవి_హైదరాబాద్
రాఘవ గారూ, మీ జట్టులో కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు డేటాబేస్ పేరు చెప్పకుండా దాచి, తడుముకోవడం చూస్తారా? ఉద్యోగంలో డాక్యుమెంటేషన్ తెరుస్తారు, పక్కవారిని అడుగుతారు. తడుముకునే తీరు చూడాలంటే తెలియని సమస్య ఇవ్వండి. ఫంక్షన్ పేరు గుర్తుందో లేదో చూడటం వేరు.

రాఘవ_12ఏళ్లు
మీరు మాటలు మారుస్తున్నారు. నేను పేరు దాచమనలేదు.

మాధవి_హైదరాబాద్
"తెలియని డేటాబేస్ ముందు కూర్చోబెడితే" అన్నది మీ మాటే. పైకి వెళ్లి చదువుకోండి.

రాఘవ_12ఏళ్లు
సరే, ఉన్నమాట చెబుతాను. ఇంటర్వ్యూకు పది నిమిషాల ముందు క్యాలెండర్ గంట మోగుతుంది. అప్పుడు రెజ్యూమే తెరిచి, టీ తాగుతూ ప్రశ్న అనుకుంటాను. మూడు రోజుల ముందు "ఏ అంశాలు" అని హెచ్‌ఆర్ నన్ను అడిగితే నేనేం చెప్పాలి? మీలా తీరిగ్గా ప్రశ్నపత్రం తయారుచేసుకునే సంస్థలు ఎన్ని ఉన్నాయి?

మాధవి_హైదరాబాద్
అదీ సంగతి. అంటే ఆ మెయిల్ వల్ల ఇబ్బంది అభ్యర్థికి కాదు, మీకు. మాలోనూ మొదట అంతే ఉండేది. అడిగేవాళ్లు ఎక్కువై, పదేపదే ఒకే జవాబు పంపలేక చివరికి పిలుపులోనే నాలుగు వరుసలు చేర్చాం.

పాతకాపు_శ్రీను
నవ్వు వచ్చింది చదివితే. నేను మెయిల్ పెట్టిన ఆ ఉద్యోగం ఎవరికి వచ్చిందో తెలుసా? నా పక్క గదిలో ఉండే అతనికి. అతని సీనియర్ అదే జట్టులో పని చేసేవాడు. ఏ ఎడిటర్, ఏ అంశాలు, ఎవరు అడుగుతారు, ఆఖరికి ఆయనకు ఏ ప్రశ్న ఇష్టమో కూడా ఫోనులో చెప్పేశాడు. నేను మెయిల్‌లో అడిగిందే అతను ఫోనులో అడిగాడు. అతన్ని చూసి ఎవరూ నవ్వలేదు. మాకు తెనాలిలో, నరసరావుపేటలో అలాంటి సీనియర్లు ఎవరు ఉంటారు?

మాధవి_హైదరాబాద్
మరి ఇన్నిసార్లూ "అడగకండి" అని ఎందుకన్నారు?

పాతకాపు_శ్రీను
ఎందుకంటే అడిగినందుకు దెబ్బ తిన్నది నేను. మీరు కుర్చీకి అవతలి వైపు కూర్చుని అడగమంటున్నారు. జవాబివ్వని చోట, నవ్వే చోట ఆ పిల్ల ఏం చేస్తుంది?

కిరణ్_వైజాగ్
శ్రీను గారు, ఇంతకీ మీ మెయిల్‌లో "సిలబస్" అనే మాట ఉందా?

పాతకాపు_శ్రీను
ఉంది. అయితే ఏమిటి?

రాఘవ_12ఏళ్లు
నన్ను హెచ్‌ఆర్ అడిగితే డేటాబేస్ పేరు, కోడ్ నడుస్తుందా లేదా అన్నది చెబుతాను. అంశాలు చెప్పను. అంతకు మించి దిగను.

కన్సల్టెన్సీ_కష్టాలు
నన్ను పంపింది కన్సల్టెన్సీ. వాళ్లను అడిగితే అసలు సంస్థకు పంపకుండా "బేసిక్స్ చూసుకోండి" అని వాళ్లే జవాబిచ్చేస్తారు. నాలాంటివాళ్ల సంగతి?

మాధవి_హైదరాబాద్
"ఈ మూడు ప్రశ్నలు సంస్థకు పంపగలరా?" అని అడిగి, వాటిని విడిగా కింద రాయండి, యథాతథంగా ముందుకు పంపేలా. అయినా పంపకపోతే నా దగ్గర మందు లేదు.

సింధు_తెనాలి
శుక్రవారం పొద్దున ఐదు వరుసలు పంపాను. సోమవారం సాయంత్రం జవాబు వచ్చింది. MySQL 8, క్వెరీలు నడుస్తాయి, నా స్క్రీన్ చూపించాలి, డాక్యుమెంటేషన్ తెరవవచ్చు. అంశాల గురించి ఒక్క ముక్క లేదు. ఇంట్లో MySQL వేసుకుని మాధవి గారి తేదీల లెక్క నడిపాను. నిజంగానే 75.

పాతకాపు_శ్రీను
జవాబు హెచ్‌ఆర్ ఒక్కరే పంపారా, లేక ఇంటర్వ్యూ చేసేవాళ్లు కూడా కాపీలో ఉన్నారా?

సింధు_తెనాలి
ఒకరు ఉన్నారు.

పాతకాపు_శ్రీను
గురువారం ఆయన మొదటి మాట ఏమిటో వచ్చి చెప్పండి.