రొయ్యల ఛానెల్‌కి ఈమెయిల్ జాబితా ఎందుకు, వాట్సాప్ చాలదా?

గుంటగట్టు (కావలి దగ్గర)
వనామీ సాగు మీద ఛానెల్ నడుపుతుండా. సబ్‌స్క్రైబర్లు 38 వేలు. వచ్చే డబ్బంతా యూట్యూబ్ యాడ్స్‌దే, అది ఆగితే చేతిలో ఏమీ ఉండదు. ఈమెయిల్ జాబితా పెట్టుకోమని కొందరు, ఒక్కో వీడియోని నాలుగు చోట్ల పెట్టమని కొందరు చెప్తుండారు. మన రైతులు మెయిల్ తెరుస్తారా? వాట్సాప్ ఛానెల్ పెడితే చాలదా?

ఒంగోలు_అడ్డా
వాట్సాప్ చాలు బ్రదర్. గుంట కాడ ఉండేవాడు పొద్దున్నే 100 కౌంట్ రేటు ఎంతో చూస్తాడు, మెయిల్ ఎవడు చూస్తాడు? చాలామందికి తమ జీమెయిల్ ఐడీ ఏందో కూడా తెలీదు, ఫోన్ కొన్నప్పుడు షాపు కుర్రోడు పెట్టిందే. వాట్సాప్‌లో అయితే నంబర్లు మన దగ్గరే ఉంటాయి. రేపు యూట్యూబ్ లేకపోయినా మన జనం మనకుంటారు.

పెన్నా_తీరం
రేట్ల సంగతి వరకు అడ్డా గారి మాట ఒప్పుకుంటా. నంబర్ల సంగతి మాత్రం అది కాదు. వాట్సాప్ ఛానెల్‌లో ఫాలో అయినవాళ్ల నంబర్లు నడిపేవాడికి కనపడవు, జాబితాగా దించుకునే దారీ లేదు. బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి 256 మందే, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. గ్రూపులో 1,024 మంది దాకా పడతారు, అక్కడ ఒకరి నంబరు ఇంకొకరికి కనిపిస్తుంది. రొయ్యల గ్రూపు అనేసరికి సీడ్, మందుల వాళ్లు చేరి నంబర్లు ఏరుకుంటారు. ఆ ఫోన్ల బాధ పడలేక రైతు ముందు గ్రూపులోంచి బయటికి పోతాడు. 2020 జూన్ 29న టిక్‌టాక్ మీద నిషేధం పడ్డప్పుడు అక్కడి ఫాలోవర్లని వేరే చోటికి తీసుకెళ్లే దారి ఎవరికీ లేకపోయింది. వాట్సాప్ ఛానెల్‌దీ అదే తీరు.

గుంటగట్టు అన్నా, 38 వేల మంది మెయిల్ చదవక్కర్లేదు. చదివేవాళ్లు ఎవరంటే, నెలజీతం మీద నాలుగైదు గుంటలు చూసే టెక్నీషియన్లు, ఇక్కడ డబ్బు పెట్టి హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉండే భాగస్తులు, ఫీడ్ డీలర్లు, ముత్తుకూరు ఫిషరీ కాలేజీ పిల్లలు. వీళ్లకి మెయిల్ రోజూ ఉండే పనే. నీ దగ్గర డబ్బు పెట్టి ఏదన్నా కొనేదీ ఎక్కువగా వీళ్లే. ఈరోజుతో పాతబడిపోయే మాట వాట్సాప్‌లో పెట్టు. వచ్చే పంటకి కూడా వెతుక్కునే మాట మెయిల్‌లో పంపు.

పులుసుపొడి (నెల్లూరు)
అన్నా, నాది వంటల ఛానెల్, పచ్చళ్లు కూడా పంపిస్తా. కొన్నవాళ్ల మెయిళ్లు 400 దాకా ఉండాయి. అందరినీ బీసీసీలో పెట్టి నా జీమెయిల్ నుంచే పంపా. చాలామందికి స్పామ్‌లోకి పోయిందంట. మెయిల్ అంటేనే ఇంతా?

పెన్నా_తీరం
పులుసుపొడి అక్కా, మెయిల్‌ని అనుకోవాల్సిన పని లేదు, పంపిన పద్ధతిలో ఉంది లోపం. మామూలు జీమెయిల్ నుంచి రోజుకి 500 మందికి మించి పోదు. బీసీసీలో పంపిన దానికి ‘ఇక వద్దు’ అని నొక్కే లింకు ఉండదు. ఇష్టం లేనోడు ఏం చేస్తాడు, స్పామ్ అని నొక్కుతాడు. జీమెయిల్ పెద్ద ఎత్తున పంపేవాళ్లకి పెట్టిన గీత 0.3 శాతం, అంటే వెయ్యికి ముగ్గురు. మీ 400 మందిలో ఇద్దరు నొక్కితేనే 0.5 అవుతుంది. ఆ నియమాలు రోజుకి 5,000 మెయిళ్లు దాటినవాళ్లకే రాశారు గానీ, చిన్నవాళ్లం మనమూ ఆ గీత లోపలే ఉండటం మంచిది. ఇంకోటి, కొన్నవాళ్లు మెయిల్ ఇచ్చింది పార్సిల్ కోసం. వార్తలు పంపమని వాళ్లు అడగలేదు.

మెయిళ్లు పంపే సర్వీసుకి మారాక కూడా చాలామంది ఒక చోట ఇరుక్కుంటారు. పంపేవారి అడ్రసుగా తమ @gmail.com నే పెడతారు. మెయిల్ బయల్దేరేది గూగుల్ నుంచి కాదు, పేరు మాత్రం జీమెయిల్‌ది. అవతల దాన్ని దొంగ మెయిల్ కింద లెక్కేస్తారు. అందుకని సొంత డొమైన్ ఒకటి కొనుక్కోవాలి, ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూ. మెయిల్ నిజంగా మీ డొమైన్ పేరు మీదే వచ్చిందని అవతలివాళ్లకి రుజువు చూపే SPF, DKIM వరుసలు సర్వీసువాళ్లే ఇస్తారు, డొమైన్ కొన్నచోట DNS పేజీలో అతికించాలి. మూడోది DMARC, అది మనమే వేసుకోవాలి:

```
TXT   _dmarc   v=DMARC1; p=none;
```

తర్వాత మీ జీమెయిల్‌కే ఒకటి పంపుకుని, కంప్యూటర్‌లో తెరిచి, మూడు చుక్కల కింద Show original నొక్కండి. SPF, DKIM, DMARC మూడిటి పక్కనా PASS అని రావాలి. ఒక్కటి FAIL అని ఉన్నా జాబితాకి పంపొద్దు.

గుంటగట్టు
ఐడీ తెలీని రైతు సంగతేంది మరి? అడ్డా చెప్పింది నిజమే. gmial అని కొట్టేవాళ్లు, స్పేస్ పెట్టేవాళ్లు బోలెడుమంది.

పెన్నా_తీరం
వాళ్ల చేత కొట్టించొద్దు. గూగుల్ ఫామ్ సెట్టింగ్స్‌లో Collect email addresses దగ్గర Verified పెట్టు. ఫోన్‌లో ఏ జీమెయిల్ తెరిచి ఉందో అదే వచ్చేస్తుంది, రైతుకి గుర్తుండక్కర్లేదు, తప్పు పడదు. ఫామ్‌లో రెండు ప్రశ్నలు చాలు: ఏ మండలం, ఎన్ని ఎకరాల గుంటలు. ‘వారానికి ఒక ఉత్తరం పంపడానికి ఒప్పుకుంటున్నాను’ అనే గడి విడిగా ఉండాలి, ముందే టిక్కు పెట్టి ఉంచొద్దు. సర్వీసువాళ్లూ అనుమతి చూపమంటారు, 2023 డేటా రక్షణ చట్టమూ అనుమతే అడుగుతుంది. మెయిల్ ఇచ్చిన రోజే మొదటి ఉత్తరం పోవాలి. మూడు నెలలు దాచి పంపితే నువ్వెవరో మర్చిపోయి స్పామ్ నొక్కుతారు.

ఇందులో ఒక చిక్కుంది. పేరు అతనిదే అయినా మెయిల్ కొడుకు ఫోన్‌లో తెరుచుకుంటుంది. అది మనం ఆపలేం.

ఒంగోలు_అడ్డా
సరే, వాట్సాప్ నంబర్ల గురించి నాది పొరపాటే. కానీ మెయిల్ కూడా గూగుల్ చేతిలోదేగా? యూట్యూబ్ వాళ్లదే, జీమెయిల్ వాళ్లదే. ఇందులో మనం బయటపడింది ఎక్కడ?

పెన్నా_తీరం
సగం మాట ఒప్పుకుంటా. ఇన్‌బాక్స్‌లో వేయాలా స్పామ్‌లో వేయాలా అన్నది వాళ్ల ఇష్టమే. జాబితా మాత్రం నీ దగ్గర CSV ఫైలుగా ఉంటుంది. ఒక సర్వీసు ఖాతా మూసేస్తే ఇంకో సర్వీసుకి ఎక్కించి, అదే డొమైన్ నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. సబ్‌స్క్రైబర్లని అట్లా ఎక్కించలేం. నెలకోసారి ఆ ఫైలు దించి పెట్టుకోకపోతే మాత్రం నువ్వన్నదే నిజమవుతుంది.

కత్తెర_పని (నెల్లూరు, ఎడిటింగ్)
నాలుగు చోట్ల పెట్టే సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎక్కువమంది చేసేది ఏందంటే, 14 నిమిషాల వీడియో నుంచి నిమిషం ముక్క కోసి అన్ని చోట్లా పడేయడం. షార్ట్ కింద మెయిల్ ఫామ్ లింకు పెడతారు. 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ వివరణలో, కామెంట్లలో లింకులు నొక్కితే పనిచేయవు. అందుకని షార్ట్‌కి Related video గా పెద్ద వీడియోని తగిలించండి, ఫామ్ లింకు ఆ పెద్ద వీడియో పిన్ కామెంట్‌లో ఉండాలి.

రెండోది, పాటా అక్షరాలూ లేని మూల ఫైలు ఒకటి హార్డ్ డిస్క్‌లో దాచుకోవాలి. ఒక యాప్ ఇచ్చిన పాట ఇంకో చోట కాపీరైట్ క్లెయిమ్ తెస్తుంది. వేరే యాప్ ముద్ర ఉన్న వీడియోని ఇన్‌స్టాగ్రామ్ కొత్తవాళ్లకి చూపించదు. మూల ఫైలు పోయాక స్టూడియోలోంచి దించుకుంటే 720p కంటే మెరుగ్గా రాదు.

అసలు విలువ ఉండేది వీడియోని రాతలోకి మార్చడంలో. వాన పడ్డాక గుంటలో ఏం చూడాలి అన్న వీడియోనే తీసుకోండి. షార్ట్‌కి ఒకే విషయం చాలు: మంచినీళ్లు పైన పొరగా నిలబడతాయి, ఏరియేటర్ తిప్పి కలపాలి. ఉత్తరంలో దాన్నే వరసగా రాయాలి. వాన ఆగగానే పై నీళ్లు, అడుగు నీళ్లు విడివిడిగా తీసి ఉప్పుశాతం, పీహెచ్ చూడటం, ఆల్కలినిటీ కొలవడం, చెక్ ట్రే చూశాకే మేత కలపడం, తేడా ఎంతుంటే టెక్నీషియన్‌కి ఫోన్ చేయాలి అన్నది. రైతు ఆ రాత్రి 14 నిమిషాల వీడియో వెనక్కీ ముందుకీ జరపడు, ఉత్తరం మాత్రం తెరుస్తాడు. చివర ఒక పేజీ పట్టిక ఇవ్వండి, గట్టు మీద షెడ్డులో అతికించుకునేట్టు. ‘ఈ పట్టిక కావాలంటే ఫామ్ నింపండి’ అని వీడియోలో మూడో నిమిషంలో చెప్పండి. చివర్లో చెప్తే అప్పటికి జనం వెళ్లిపోయి ఉంటారు.

గుంటగట్టు
డబ్బు ఎట్లా అని ఎవరూ చెప్పలేదే!

పెన్నా_తీరం
జాబితా ఉన్నంత మాత్రాన డబ్బు రాదు, దాని మీద ఏదన్నా అమ్మాలి. ఊరికే లెక్క వేద్దాం. 600 మంది ఉన్నారనుకో. పంట మొత్తానికి మేత, నీటి పరీక్షలు, ఖర్చు రాసుకునే లాగ్‌బుక్ 149 రూపాయలకి పెట్టావు. నూటికి ముగ్గురు కొంటే 18 మంది, 2,682 రూపాయలు. ఏడాదికి రెండు పంటలంటే రెండుసార్లే, అదీ సీడ్ వేసే ముందు పంపితేనే. పంట మధ్యలో ఎవరూ కొనరు. యాడ్స్‌కి ఇది సాటి రాదు, ముందు 600ని 3,000 చేసుకోవాలి. డబ్బు నేరుగా ఫోన్ నంబరుకి యూపీఐ చేయించుకుంటే కొన్నవాడి మెయిల్ నీకు రాదు. మెయిల్ అడిగే పేమెంట్ పేజీ పెట్టుకో.

ఇంకో దారి ఉత్తరంలో ఒక్క స్పాన్సర్‌ని పెట్టడం. అది ప్రకటన అని పైనే రాయాలి. ఏముందో సీసా మీద రాయని మందులకి మాత్రం చోటివ్వొద్దు. నిషేధించిన యాంటీబయాటిక్ దొరికితే ఎగుమతిలో సరుకు వెనక్కొస్తుంది, ఆ తర్వాత నీ మాట ఎవరూ వినరు.

సింగరాయకొండ_లెక్కలు
ఇంతసేపూ ప్లాట్‌ఫామ్ ఒక్కటే ఉండకూడదని మాట్లాడుకుంటున్నారు. గిరాకీ ఒక్కటే అయితేనో? యాడ్స్ చూసేది రొయ్యల రైతే, లాగ్‌బుక్ కొనేది ఆయనే, స్పాన్సర్ ఫీడ్ డీలరు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు దెబ్బ ఇక్కడి గుంటల దాకా వచ్చింది. సీడ్ వేయడం తగ్గితే మీ మూడు ఆదాయాలూ ఒక్కసారే పడిపోతాయి.

పెన్నా_తీరం
మాట నిజమే. అట్లాగని రొయ్యల ఛానెల్ నిమ్మతోటల మీదికి పోతే ఉన్న జనం పోతారు. సోలార్ పంపులు, జనరేటర్లు, పంట బీమా లాంటి వాళ్లని స్పాన్సర్లుగా తీసుకుంటే కొంత నయం.

సింగరాయకొండ_లెక్కలు
గుంట ఎండబెట్టుకున్నోడు జనరేటర్ ఎందుకు కొంటాడు సార్? ఫామ్‌లో మండలం, ఎకరాలు అడుగుతున్నారుగా, మూడోది కూడా అడగండి: రొయ్య కాక ఇంకేం సాగు చేస్తారు అని. చేప, పీత, వరి, ఏదైనా సరే. ఏ స్పాన్సర్ దగ్గరికి వెళ్లాలో ఆ జవాబులు చూశాకే తేలుతుంది.

ఒంగోలు_అడ్డా
మూడు ప్రశ్నలైతే సగం మంది ఫామ్ వదిలేస్తారు, పందెం.