లైన్ ఫాలోవరా, చెరువులో పడవా: క్లబ్ ప్రాజెక్టుకి ఏది?

సాయి (ఒంగోలు, బీటెక్ రెండో ఏడాది): మేం ఆరుగురం, అందరం కలిపి మూడు వేలు పెట్టగలం. ఫెస్ట్‌లో మా రోబో ఏం చేస్తోందో స్టాల్ ముందు నిలబడినవాళ్ళకి చూడగానే అర్థం కావాలి. నేల మీది నల్ల గీత వెంట నడిచే లైన్ ఫాలోవర్ బండి అంటే సీనియర్లు నవ్వుతున్నారు. ఇంకేం చేయొచ్చు?

కావలి కుర్రోడు: రొయ్యల చెరువులో తిరిగే పడవ చెయ్ తమ్ముడూ. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, ఆ టైంలో మా నాన్న టార్చ్ పట్టుకుని గట్టు మీద తిరుగుతుంటాడు. పడవే తిరిగి కొలిస్తే ఎంత బాగుంటుంది. ఈ జిల్లాలో ఉంటూ ఆ లైన్ ఫాలోవర్ ఏందిరా నాయనా.

రమణ (పాత క్లబ్ మనిషి): అవసరం నిజమే, కానీ ఆక్సిజన్ సెన్సర్ ఒక్కటి కొనాలన్నా వీళ్ళ మూడు వేలు చాలవు, పైగా దాన్ని మాటిమాటికీ శుభ్రం చేసి సరిచూసుకోవాలి. ఇంకో చిక్కుంది. హాల్లో పడవని ఎక్కడ తిప్పుతారు? స్క్రీన్ మీద ఒక అంకె కనిపిస్తుంది, అది సరైనదో కాదో చూసేవాడికి ఎలా తెలుస్తుంది?

సాయీ, నువ్వు లైన్ ఫాలోవరే చెయ్, కాకపోతే దాని నెత్తిన నీళ్ళ గ్లాసు పెట్టు. గ్లాసుకి అంచు కింద ఒక వేలు వదిలి మార్కర్‌తో గీత గీసి, అక్కడి దాకా నీళ్ళు పోసి, ఒక టేబుల్ దగ్గర నుంచి ఇంకో టేబుల్ దాకా పంపండి. చివర్లో గీతకి ఎంత కిందికి దిగాయో చూస్తే అదే మార్కు. పిల్లాడికైనా ఒక్క నిమిషంలో అర్థమవుతుంది, నవ్వే సీనియర్లని కూడా వచ్చి పందెం కట్టమను.

హరి: స్పీడ్ కావాలంటే 12 వోల్టులు ఇచ్చెయ్, మోటార్లు నడిపే L298N బోర్డు తట్టుకుంటుంది. కోడ్ నడిపే ఆర్డ్యునో బోర్డుకి విడిగా 9 వోల్టుల బ్యాటరీ.

రమణ: డ్రైవర్ బోర్డు తట్టుకుంటుంది హరీ, ఆ పసుపు బీఓ మోటార్లే తట్టుకోవు, అవి 3 నుంచి 6 వోల్టులవి. రెండు 18650 సెల్స్ వరసగా కలిపితే 7.4 వస్తుంది, L298N తనలోనే రెండు వోల్టుల దాకా తినేస్తుంది, మిగిలింది మోటారుకి సరిగ్గా సరిపోతుంది. ఆర్డ్యునోకి విడిగా ఇవ్వడం తప్పు కాదు, గ్రౌండ్ మాత్రం రెండింటికీ కలిపి ఉండాలి. ఆ చిన్న డబ్బా లాంటి 9 వోల్టుల బ్యాటరీతో మోటార్లు తిప్పొద్దు. బయలుదేరగానే వోల్టేజ్ కూలిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. బండి కాస్త కదిలి ఆగి, మళ్ళీ కదిలి ఆగుతుంటే కోడ్ వెతక్కుండా ముందు బ్యాటరీ చూడండి.

ఇక నీళ్ళు ఎక్కువగా ఒలికేది మలుపులో కాదు, బయలుదేరే కుదుపుకే. అందుకని వేగం మెల్లగా పెంచాలి:

```
for (int v = 60; v <= 150; v += 5) {
  analogWrite(ENA, v);
  analogWrite(ENB, v);
  delay(40);
}
```

ముప్పావు సెకను పడుతుంది. 60 దగ్గర మోటార్ మూలుగుతూ కదలకపోతే కొంచెం పెంచుకో.

హరి: ఆ delay నడిచేంత సేపూ సెన్సర్ చదవదుగా, బండి గీత దాటిపోతే?

రమణ: పోతుంది, మంచి ప్రశ్న. అందుకే మొదటి జానెడు దూరం గీత తిన్నగా వెయ్యాలి. తర్వాత కుదిరితే loop లోనే వేగాన్ని కొంచెం కొంచెం పెంచేలా మార్చుకోండి.

లక్ష్మి టీచర్ (హైస్కూల్): మా పిల్లల బండి ల్యాబ్‌లో బ్రహ్మాండంగా నడిచింది, వరండాలో మాత్రం గిరగిరా తిరిగింది. మోటార్ మార్చాలా?

రమణ: మోటార్ కాదు మేడమ్, ఎండ. సెన్సర్ చూసే ఇన్‌ఫ్రారెడ్ ఎండలో కూడా బోలెడంత ఉంటుంది, దాంతో నలుపూ తెలుపూ ఒకేలా కనిపిస్తాయి. సెన్సర్ల చుట్టూ నల్ల అట్టముక్క అంటించి, నేలకి దగ్గరగా, అర సెంటీమీటర్ ఎత్తులో పెట్టించండి. మాడ్యూల్ మీది స్క్రూ తిప్పి సరిచూసేది ల్యాబ్‌లో కాదు, ఫెస్ట్ జరిగే చోటే, అదే వెలుతురులో.

సాయీ, మీ హాల్లో చీమకుర్తి నల్ల గ్రానైట్ పరిచి ఉంటే ఇంకో తలనొప్పి. అద్దంలా పాలిష్ పెట్టిన నలుపు కొన్ని కోణాల్లో తెలుపులా మెరుస్తుంది. పాత ఫ్లెక్సీ వెనక్కి తిప్పి పరిచి, తెల్లగా ఉన్న ఆ వైపున ఎలక్ట్రీషియన్ల నల్ల టేప్ అంటించండి. మలుపులు పెద్దవిగా పెట్టండి, టేప్ ముడతలు రానివ్వొద్దు.

కావలి కుర్రోడు: సరేనన్నా, గ్లాసు బండి చూడ్డానికి బాగుంటుంది. ఫెస్ట్ అయిపోయాక అది ఎవరికి పనికొస్తుంది? ఆక్సిజన్ వద్దంటే DS18B20 ఉందిగా, వాటర్‌ప్రూఫ్‌ది, చవక. పడవ మీద పెట్టి టబ్బులో మూడు చోట్ల ఉష్ణోగ్రత తీద్దాం, ఒక మూల ఐస్ వేస్తే తేడా జనానికి కనిపిస్తుంది.

రమణ: ఐస్ ఆలోచన బాగుంది, అది మాత్రం ఒప్పుకుంటా. కానీ టబ్బులో నడిచిన పడవ చెరువు గాలికి నడుస్తుందని నేను నమ్మను.

సాయి: మాలో ముగ్గురు గ్లాసు అంటున్నారు, ముగ్గురు పడవ అంటున్నారు. ఆర్డ్యునో మాత్రం ఒక్కటే ఉంది.