ఇంటి పన్ను డిమాండ్ నోటీసు ఒక్కసారిగా పెరిగింది, లెక్క ఎక్కడ తేడా కొట్టిందో ఎలా చూడాలి?

మేడమీద గది:
మాకు ఆరు నెలలకి 2,592 వచ్చేది పన్ను, ఈసారి నోటీసులో మొత్తం 6,264 వేశారు. మేడ మీద ఒక గది కట్టిన మాట నిజమే, 12 బై 15, దాని ముందు అంతే సైజులో రేకులు వేసుకున్నాం, స్తంభాలే, గోడల్లేవు. ఒక్క గదికి ఇంత పెరుగుతుందా అండి? ఎక్కడ మొదలుపెట్టి చూడాలో కూడా తెలీట్లేదు.

అద్దె ఇల్లు:
మీరు సొంతంగా ఉంటున్నారా అద్దెకిచ్చారా? పన్ను వేసేది వచ్చే అద్దె మీదే కదా, అద్దె రావట్లేదని ఒక లెటర్ రాసిస్తే తగ్గిస్తారు.

పాత రికార్డు:
బ్రదర్, పన్ను వేసేది అద్దె విలువ మీద, అంటే మీకు చేతికొచ్చే అద్దె కాదు, ఆ ఏరియాలో అలాంటి ఇంటికి చదరపు అడుగుకి ఇంత అని ముందే కట్టిన రేటు. సొంతంగా ఉంటే తగ్గింపు ఇచ్చే చోట్లు ఉన్నాయి కానీ అది వేరే గడి. కొన్ని చోట్ల అద్దె విలువ పద్ధతే లేదు, ఆస్తి విలువ మీద శాతం వేస్తారు, ఏ పద్ధతో నోటీసులోనే ఉంటుంది చూడండి.

మేడమీద గది గారూ, ముందు ఆ 6,264 ని పక్కన పెట్టండి. అందులో ఈ ఆరు నెలలది ఎంత, ఎరియర్స్ ఎంత, వడ్డీ ఎంత, మూడూ విడిగా రాయండి. తర్వాత విస్తీర్ణం, చదరపు అడుగు రేటు, కట్టిన సంవత్సరం, వాడకం ఏంటి, ఈ నాలుగు పెట్టండి.

మేడమీద గది:
ఇప్పటిది 3,744, ఎరియర్స్ 2,304, వడ్డీ 216. విస్తీర్ణం 1,560, రేటు నెలకి 2, వాడకం నివాసం. కట్టిన సంవత్సరం దగ్గర గది కట్టిన సంవత్సరం ఉంది, ఇల్లు ఎప్పుడో పాతది కదా! పన్ను శాతం 20. పాత నోటీసులో 1,200 అడుగులు, వయసు తగ్గింపు 10 శాతం అని ఉండేది, ఇప్పుడు ఆ లైనే లేదు.

పాత రికార్డు:
దొరికింది. మీ పాత లెక్క చూడండి, 1,200 ని 2 తో, 12 నెలలతో గుణిస్తే 28,800, వయసుకి 10 శాతం పోతే 25,920, దాని మీద 20 శాతం 5,184, సగం చేస్తే 2,592, సరిగ్గా మీరు కట్టిందే. ఇప్పుడు 1,560 మొత్తాన్నీ కొత్త బిల్డింగ్ కింద ఎక్కించేశారు, అందుకే 37,440 మీద తగ్గింపు లేకుండా 20 శాతం పడి ఆరు నెలలకి 3,744 అయింది. అసలైతే రెండు లైన్లు ఉండాలి, పాత ఇంటికి తగ్గింపుతో ఒకటి, గదికి తగ్గింపు లేకుండా ఒకటి.

విస్తీర్ణంలో కూడా 360 పెరిగింది, మీ గది 180 యే. మిగతా 180 ఆ రేకులది. అది తీసేస్తే గదికి 4,320, పాతదానితో కలిపి 30,240, ఆరు నెలలకి 3,024 రావాలి. ఎరియర్స్ కూడా అదే తేడాతో వేశారు, 1,152 చొప్పున రెండు అర్ధ సంవత్సరాలు, అది 432 చొప్పున 864 కి దిగుతుంది. కాకపోతే గది నిజంగా ఏడాది కిందటే పూర్తయి ఉంటేనే ఆ ఎరియర్స్ నిలబడతాయి, ఏ తేదీ నుంచి వేశారో అడగండి.

గోడ గడియారం:
గోడల్లేని రేకులు లెక్కలోకి రావని అంత గట్టిగా చెప్పకండి, మా చోట సగం కొలతకి లెక్కేశారు. కొలతలు బయట గోడల నుంచి తీసుకుంటారు, లోపల టేపు పట్టి తక్కువొచ్చిందని వెళ్తే నవ్వుతారు.

పాత రికార్డు:
ఒప్పుకుంటా, రేకుల సంగతి అక్కడి రూల్ మీదే ఉంటుంది, ఆ 180 ఏ రూల్ ప్రకారం కలిపారో రాతపూర్వకంగా అడగటమే. వయసు తగ్గింపు పోవటం మాత్రం పక్కా తప్పు, దాన్నే ముందు పెట్టండి.

కొత్త ఓనర్:
మధ్యలో వస్తున్నా సారీ, మా నోటీసు ఇంకా అమ్మినాయన పేరుతోనే వస్తోంది, అది కూడా ఇలానే అప్పీల్ చేయాలా?

పాత రికార్డు:
కాదండి, అది పేరు మార్పు, వేరే దరఖాస్తు.

అద్దె ఇల్లు:
తేలేదాకా కట్టకుండా ఉంటే సరి, కడితే ఒప్పుకున్నట్టే అవుతుంది.

గోడ గడియారం:
ఆ సలహా ఇవ్వకండి సార్, అభ్యంతరం పెట్టినంత మాత్రాన వడ్డీ ఆగదు, కొన్ని చోట్ల డబ్బు కట్టకపోతే అసలు అప్పీలే తీసుకోరు. అభ్యంతరంతో కడుతున్నా అని రాసి రసీదు తీసుకోండి. అభ్యంతరం పెట్టే గడువు నోటీసు చేతికొచ్చిన రోజు నుంచి లెక్క, కవర్ దాచుకోండి.

మేడమీద గది:
పాత నోటీసు, పాత రసీదులు, ఇంటి ప్లాన్ కాపీ జత చేసి రాస్తున్నా. ఆ 216 వడ్డీ మాత్రం అర్థం కాలేదు, నోటీసే ఇవ్వని కాలానికి వడ్డీ ఎలా వేస్తారు?

పాత రికార్డు:
అదీ రాయండి, నోటీసు ముందు కాలానికి వేసిన వడ్డీకి ఆధారం చెప్పమని. ఎరియర్స్ తగ్గితే అది ఎలాగూ తగ్గుతుంది, మొత్తం తీస్తారా లేదా అనేది నేను చెప్పలేను.